కొయ్యలు కాలిస్తే మట్టిలో ఏం పోద్ది?

రైతు దినోత్సవం మీటింగ్‌లో వరి కొయ్యలు కాలిస్తే మట్టిలో సూక్ష్మజీవులు చస్తాయన్నారు, నిజమేనా? మరి ఏం చేయాలి?

నిజమే. మంటకి పైపై రెండు సెంటీమీటర్ల మట్టి బాగా వేడెక్కుద్ది, గడ్డిని కుళ్లబెట్టే బ్యాక్టీరియా, ఫంగస్ ఎక్కువగా ఉండేది అక్కడే. కొన్నాళ్లకి మళ్లీ పెరుగుతాయనుకోండి, కానీ ఏటా కాలిస్తే వాటి తిండే బూడిదైపోతుంది కదా.

దానికి బదులు నీళ్లు పెట్టి, ఎకరాకి 50 కిలోల సూపర్ ఫాస్ఫేట్ చల్లి, రోటవేటర్‌తో కలియదున్నండి. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, వారానికే నాట్లేసేస్తారు, గడ్డిలో నత్రజని తక్కువ కాబట్టి దాన్ని కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులు మట్టిలో నత్రజనిని లాగేసుకుంటాయి, దాంతో నారు పసుపెక్కుద్ది, గడ్డి కలపడమే తప్పనుకుంటారు. రెండు మూడు వారాలు ఆగండి. మట్టిలోంచి గడ్డిపరక తీసి లాగితే పుటుక్కున తెగాలి, సాగుతుంటే ఇంకా టైముంది.