ఉబ్బెత్తు గీతకు ఒక వెలుతురు, సన్న అక్షరానికి మరొకటి

ప్రశ్న: నేను ఫిజిక్స్‌తో బీఎస్సీ మూడో ఏడాది చదువుతున్నాను. సెలవుల్లో పెళ్లి ఫోటోలు తీస్తుంటాను. వివాదంలో ఉన్న పత్రాలను పరీక్షించే ఒక నిపుణుడి దగ్గర ఫోటో సహాయకుడి పని ఉందని తెలిసి వెళ్తే, 500 రూపాయల నోటు మీది ఉబ్బెత్తు ముద్రణ, మైక్రో అక్షరాలు కనిపించేలా ఫోటోలు తీసుకురమ్మన్నారు. రెండుసార్లు తీసుకెళ్లాను, రెండుసార్లూ పనికిరావన్నారు. ఫోటోలు జత చేస్తున్నాను. పొరపాటు ఎక్కడుంది సార్?
— ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: పెళ్లి ఫోటోల అలవాటే మిమ్మల్ని దెబ్బతీసింది. అక్కడ ముఖం మీద ముడతలు, మచ్చలు కనబడకుండా గొడుగు పెట్టి వెలుతురును మెత్తబరుస్తారు. నోటు మీద కూడా మీరు అదే చేశారు, అందుకే అందులోని ఎత్తుపల్లాలన్నీ చదునైపోయాయి. అంతకంటే పెద్ద పొరపాటు, ఉబ్బెత్తు ముద్రణనూ మైక్రో అక్షరాలనూ ఒకే ఫోటోలో చూపించాలనుకోవడం. ఆ రెండింటికీ కావలసిన వెలుతురు ఒకదానికొకటి విరుద్ధం కాబట్టి, రెండు వేర్వేరు ఫోటోలు తీయక తప్పదు.

ముందు ఉబ్బెత్తు సంగతి చూద్దాం. 500 నోటుకు కుడి, ఎడమ అంచుల్లో ఐదేసి ఏటవాలు గీతలుంటాయి. చూపు లేనివారు వేలితో తడిమి నోటును గుర్తుపట్టడానికి వాటిని ఉబ్బెత్తుగా ముద్రిస్తారు. గీత మీద సిరా కాగితం కంటే 0.03 మిల్లీమీటర్ల ఎత్తు లేచి ఉందనుకోండి. దీపం 45 డిగ్రీల కోణంలో ఉంటే దాని నీడ కూడా అంతే పొడవు, అంటే కంటికి ఆననంత. అదే దీపాన్ని 10 డిగ్రీలకు దించితే నీడ దాదాపు 0.17 మిల్లీమీటర్లకు, 5 డిగ్రీలకు దించితే 0.34కు సాగుతుంది. మీరు చదివిన త్రికోణమితే ఇది: ఎత్తును కోణం టాంజెంట్‌తో భాగిస్తే నీడ పొడవు వస్తుంది.

దీనికి ఖరీదైన దీపాలేమీ అక్కర్లేదు. గదిని చీకటి చేసి, నోటుకు 60 సెంటీమీటర్ల దూరంలో పదిన్నర సెంటీమీటర్ల ఎత్తున ఒకే ఒక చిన్న ఎల్‌ఈడీ టార్చిని పెడితే అది దాదాపు 10 డిగ్రీలవుతుంది. మరీ దగ్గరగా పెడితే దీపం వైపు అంచు తెల్లబడి, అవతలి అంచు నల్లబడుతుంది. టార్చి ముందు పల్చటి గుడ్డ గాని కాగితం గాని అడ్డం పెట్టకండి, వెలుతురు మెత్తబడితే నీడ అంచు చెదిరిపోతుంది. దీపం ఏ వైపు నుంచి పడుతోందన్నది కూడా కోణమంత ముఖ్యమే. గీత పొడవు వెంట వెలుతురు పడితే నీడ ఏర్పడదు, గీతకు అడ్డంగా పడాలి. మీ రెండో ఫోటోలో ఎడమ అంచు గీతలు మాయమవడానికి కారణం ఇదే. అందుకని ఒక ఫోటో తీశాక కెమెరాను కదపకుండా, టార్చిని 90 డిగ్రీలు పక్కకు జరిపి మరొకటి తీయండి.

ఇక్కడ నేను పడ్డ గొయ్యి ఒకటి చెబుతాను. ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పత్రం మీద నొక్కి వేసిన ఉబ్బెత్తు ముద్రను నోటుకు లాగే పక్క వెలుతురులో తీశాను, కానీ దీపాన్ని ఫోటోలో కింది వైపు వచ్చేలా పెట్టాను. ఉబ్బిన భాగం లోపలికి నొక్కినట్టు కనిపించి, చూసినవాళ్లు గంటసేపు తికమకపడ్డారు. మన కన్ను వెలుతురు పైనుంచి వస్తుందనే అనుకుంటుంది. అందుకే ఫోటోలో దీపం పై ఎడమ మూల నుంచి పడేలా చూసుకుని, ఆ దిశను ఫోటో కింద రాసి ఉంచడం మంచిది.

ఇక మైక్రో అక్షరాలు. నోటు మీద ‘భారత్’, ‘ఇండియా’ అని సన్నగా ముద్రించిన చోట ఏటవాలు టార్చి వేస్తే, కాగితం పీచు నీడలు కూడా లేచి అక్షరాలను మింగేస్తాయి. ఇక్కడ నోటుకు అటూ ఇటూ ఒకే దూరంలో, 45 డిగ్రీల కోణంలో, ఒకే రకమైన రెండు దీపాలు కావాలి. వాటి ముందు తెల్ల కాగితం అడ్డం పెట్టి వెలుతురును మెత్తబరచండి. పెళ్లిళ్లలో నేర్చిన విద్య ఇక్కడ పనికొస్తుంది.

వెలుతురు కుదిరినా అక్షరం తగినంత పెద్దదిగా పడకపోతే లాభం లేదు. అక్షరం ఎత్తు 0.2 మిల్లీమీటర్లు అనుకోండి. నోటు పొడవు 150 మిల్లీమీటర్లు. 6,000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోలో నోటు మొత్తం పట్టిస్తే మిల్లీమీటరుకు 40 పిక్సెళ్లు, అక్షరానికి ఎనిమిదే దక్కుతాయి. ఆ ఎనిమిదిలో అక్షరం మరక లాగే ఉంటుంది. అదే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు మాక్రో లెన్స్ పెట్టి, వస్తువు సెన్సార్ మీద అసలు సైజులోనే పడేలా తీస్తే, అక్షరానికి 33 పిక్సెళ్ల దాకా వస్తాయి, హాయిగా చదవవచ్చు. మీ మొదటి ఫోటోను ఎంత పెద్దది చేసినా అక్షరాలు రాకపోవడానికి కారణం ఇదే, ఫోకస్ కాదు.

ఇంత దగ్గరగా తీసేటప్పుడు ఫోకస్ నిలిచే లోతు ఎఫ్8 దగ్గర సుమారు ఒక మిల్లీమీటరే. నోటుకు చిన్న మడత ఉన్నా ఒక పక్క మసకబారుతుంది. అందుకని చాలామంది అపర్చర్‌ను ఎఫ్22 దాకా మూసేస్తారు, అది ఇంకో తప్పు. అసలు సైజులో తీసేటప్పుడు లెన్స్ మీద రాసిన అంకె రెట్టింపయినట్టు పనిచేస్తుంది, కాబట్టి కాంతి వివర్తనం వల్ల ఫోటో అంతా మెత్తగా చెదిరిపోతుంది. ఎఫ్5.6, ఎఫ్8 మధ్యనే ఉండి, నోటు అంచుల మీద చిన్న బరువులు పెట్టి చదును చేయండి. కెమెరా నోటుకు సమాంతరంగా ఉందా లేదా అన్నది కంటితో తేల్చలేం. నోటు ఉండే చోట చిన్న అద్దం పెట్టి కెమెరాలోంచి చూస్తే, లెన్స్ ప్రతిబింబం సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో ఉండాలి. పక్కకు ఒరిగి ఉంటే కెమెరా వంగి ఉన్నట్టే. తర్వాత అద్దం తీసి, నోటు పక్కన మిల్లీమీటర్ల స్కేలు పెట్టి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి.

పదును పెంచడం, మచ్చలు చెరపడం వంటివి అసలు ఫైల్ మీద చేయకండి. ఫోన్ వాడితే దాని సొంత పదును అక్షరాల అంచులకు లేని గీతలు తగిలిస్తుంది, కాబట్టి రా ఫైల్ ఉన్న కెమెరానే మేలు. ఇలాంటి ఫోటో కోర్టుకు వెళ్లాలంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం ప్రకారం ఫైల్ మారలేదని చూపే అంకెల గుర్తు, అంటే హ్యాష్ విలువతో సహా ధ్రువపత్రం జతచేయాలి. నోటును అసలు సైజులో ప్రింట్ తీయకండి, అది చిక్కుల్లో పడేసే పని.

ఈసారి నాలుగు ఫోటోలు తీసుకెళ్లండి: నోటు మొత్తం కనిపించేది ఒకటి, రెండు దిశల పక్క వెలుతురులో గీతలవి రెండు, మైక్రో అక్షరాలది ఒకటి. ఒక్కో దాని కింద దీపం దిశ, కోణం, అపర్చర్ రాయండి, అంతకు మించి రాయకండి. చాలా చేతులు మారిన అసలు నోటు మీద ఉబ్బు అరిగిపోయి నీడ పడకపోవచ్చు, కాబట్టి నీడ లేదు గనక నకిలీ అని మీరు తేల్చేస్తే నిపుణుడు మీ ఫోటోలనే పక్కన పెడతారు. ‘ఎడమ నుంచి 10 డిగ్రీల వెలుతురులో అంచు గీతలకు నీడ కనిపించలేదు’ అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, మిగతాది ఆయన నోటును మైక్రోస్కోపు కింద పెట్టి చూసుకుంటారు.