స్ట్రిప్పు రంగు మారలేదని మాత్ర మానొద్దు

చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మొన్న తాడిపత్రికి వచ్చినప్పుడు మీ నాయన మూత్రం స్ట్రిప్పు చేతికిచ్చి, "చూడన్నా, రంగే మారలేదు, షుగరు లేదు" అని సంబరపడినాడు. వారం నుంచి రాత్రి మాత్ర కూడా మానేసినాడంట. ఏళ్ల తరబడి ల్యాబులో పని చేసినవాణ్ణి, నాకు గుండె ఝల్లుమంది.

ఉగ్గాని, బజ్జీ తిని రెండు గంటలైంది. తినేముందు ఒకసారి మూత్రానికి పోయొచ్చినాడు. వేలు గుచ్చి నా మీటరులో చూస్తే 228. వెంటనే పట్టిన మూత్రంలో కొత్త స్ట్రిప్పు ముంచి, డబ్బా మీద రాసినంత సేపు వాచీ చూసుకొని రంగు పోల్చినాను. మళ్లీ నిల్. స్ట్రిప్పు పాడయిందేమోనని గ్లాసు నీళ్లలో గ్లూకోజు పొడి కలిపి ఇంకొకటి ముంచితే చక్కగా రంగు మారింది. అంటే స్ట్రిప్పు అబద్ధం చెప్పలేదు, మూత్రంలో షుగరు నిజంగానే లేదు. ఉన్నదంతా రక్తంలోనే ఉంది.

మన చెరువు మరువ గుర్తు తెచ్చుకో. నీళ్లు మరువ మట్టం దాటితేనే కిందికి పారుతాయి. మరువ కింద నిలబడి చూసేవాడికి చెరువు ముప్పాతిక నిండిందో, ఎండిందో తెలీదు. కిడ్నీ కూడా అంతే. వడకట్టిన గ్లూకోజునంతా మళ్లీ రక్తంలోకే పంపిస్తుంది. రక్తంలో సుమారు 180 దాటితేనే, లాక్కోలేక మూత్రంలోకి వదులుతుంది. పైగా ఈ మట్టం అందరికీ ఒకటి కాదు. గర్భిణులకు తగ్గుతుంది, అందుకే షుగరు మామూలుగా ఉన్నా స్ట్రిప్పు రంగు మారొచ్చు. వయసు మళ్లినవాళ్లకు, ఏళ్లుగా షుగరున్నవాళ్లకు పెరగొచ్చు. మీ నాయనది 228 కంటే పైనే ఉన్నట్టుంది.

నాకు ఇంకా భయం లో షుగరు గురించి. రక్తంలో 60 ఉన్నా, 170 ఉన్నా స్ట్రిప్పు మీద నిల్లే. చెమటలు పట్టి చేతులు వణికితే స్ట్రిప్పు వెతుక్కోవద్దు, వేలు గుచ్చి చూడు. మీటరు అందకపోతే ముందు చక్కెర నీళ్లు తాగించు.

ఇంకో మాట. డాక్టరు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్ర రాస్తే అది షుగరును మూత్రంలోకి తోసే మందే. అప్పుడు రక్తంలో బాగున్నా స్ట్రిప్పు రంగు మారుతుంది, దాన్ని చూసి టెన్షన్ పడొద్దు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా మింగితే మాత్రం, మూత్రంలో షుగరున్నా రంగు సరిగా రాదు.

నా పాత మీటరు మీ ఇంట్లోనే పెట్టి వచ్చినాను. పరగడుపున ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి చూసి నోటుబుక్కులో రాయి. ఈ వారమే డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, మాత్ర మానిన సంగతి దాచకుండా చెప్పు. హెచ్‌బీఏ1సీ కూడా చేయించు, మూడు నెలల లెక్క తేలుతుంది. రీడింగులు ఆదివారం నాకు ఫోన్లో చదివి వినిపించు.

మీ పెదనాన్న,
అనంతపురం