కిరాణా యాప్‌ల బిల్లులో అసలు ఖర్చు ఎక్కడుంది?

ప్రశ్న: మేము నలుగురం. పప్పులు, నూనె, కూరగాయలు వారం వారం యాప్‌లోనే తెప్పిస్తున్నాం. ఫోన్లో మూడు యాప్‌లున్నాయి. ఒకటి పది నిమిషాల్లో తెస్తుంది, ఒకటి మర్నాడు పొద్దున, ఇంకోటి రెండు మూడు రోజులకి పార్సెల్లా పంపుతుంది. ధర, తాజాదనం, డెలివరీ చార్జీ చూస్తే ఏది మేలు? మొన్న టమాటాలు కుళ్లినవి వచ్చాయి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్లో వెతకబోతే మా అబ్బాయి వద్దన్నాడు. అందులో తప్పేముంది?
— ఒక పాఠకురాలు, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: వారానికి ఒక్కసారే ఆర్డరు పెట్టే ఇంటికి పొద్దున తెచ్చే యాప్ కాస్త చవక పడుతుంది. అయితే ఆ తేడా మీరు అనుకున్నంత ఉండదు. డబ్బు పోయేది యాప్ ఎంపికలో కన్నా ఎన్నిసార్లు ఆర్డరు పెడుతున్నారన్న దాంట్లో.

పోల్చే ముందు మూడింటిలోనూ ఇంటి అడ్రసు సరిగా పెట్టండి. ధర స్టోరును బట్టి మారుతుంది. వేదాయపాళెం అడ్రసుకు ఒక స్టోరు తగిలితే మాగుంట లేఅవుట్‌కు మరోటి తగలొచ్చు. తర్వాత ఒకే పూట, ఒకే జాబితాని మూడు కార్టుల్లో వేసి, డబ్బు కట్టే ముందు వచ్చే బిల్లు పేజీ దాకా వెళ్లి ఆగండి. వస్తువు పక్కన కనిపించే ధర మీద ఏ నిర్ణయానికీ రావద్దు. మొదటి ఆర్డరు కూపనూ, మీ దగ్గర లేని బ్యాంకు కార్డు మీద ఇచ్చే తగ్గింపూ తీసేసి చూడండి. వచ్చే వారం అవి ఉండవు.

లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. అంకెలు నమూనాకే, మీ బిల్లు అంకెలు వాటి చోట పెట్టుకోండి. కందిపప్పు, మినప్పప్పు, పంచదార, రవ్వ తలా కిలో, నూనె రెండు ప్యాకెట్లు, ఉల్లి, టమాటా, కొంత చిల్లర సామాను. పది నిమిషాల యాప్‌లో సరుకు 1,010 రూపాయలు, డెలివరీ ఉచితం, హ్యాండ్లింగ్ ఫీజు 12, మొత్తం 1,022. పొద్దున తెచ్చే దాంట్లో సరుకు 965, డెలివరీ 30, హ్యాండ్లింగ్ 8, మొత్తం 1,003. సరుకులో 45 రూపాయలున్న తేడా బిల్లు చివరికి 19కి దిగిపోయింది.

ఇప్పుడు అదే జాబితాని పది నిమిషాల యాప్‌లో సోమవారం కొంత, బుధవారం కొంత, శనివారం కొంత తెప్పించారనుకోండి. ప్రతిసారీ డెలివరీ 25, చిన్న ఆర్డరని 20, హ్యాండ్లింగ్ 12, వెరసి 57. మూడుసార్లకి 171. ఒకేసారి తెప్పిస్తే 12తో పోయేది. వారానికి 159 అదనం, నాలుగు వారాలకి 636 రూపాయలు. "ఉప్పు అయిపోయింది, ఇప్పుడే తెప్పించేద్దాం" అన్న మాట ఖరీదు ఇది. ఉప్పుకి వీధి చివర కొట్టుంది.

ఉచిత డెలివరీ హద్దు ఇంకో ఎర. కార్టు 160 దగ్గర ఆగితే, 199 చేస్తే డెలివరీ ఉచితమని పచ్చ గీత ఒకటి ఊరిస్తుంది. 25 మిగుల్చుకోవడానికి 45 పెట్టి ఇంట్లో ఎవరూ అడగని బిస్కెట్లు కొంటాం. దీన్ని పొదుపు అనరు.

ఈ ఫీజుల పేర్లు చూస్తే ఒళ్లు మండుతుంది. హ్యాండ్లింగ్ అంటే ఏమిటి? సరుకు సంచిలో వేయడమా? కొట్టు శెట్టి పొట్లం కట్టినందుకు ఎప్పుడైనా విడిగా తీసుకున్నాడా? వానొస్తే ఒక ఫీజు, రద్దీ ఉంటే ఒక ఫీజు, అడక్కుండా టిక్ పెట్టేసిన టిప్పు, దాని కింద విరాళం. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి యాప్‌ల డెలివరీ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ పడుతోంది. పన్ను కలపకుండా 30 అని చూపిస్తే కట్టేది 35.40. ధరని చివరి పేజీ దాకా కొంచెం కొంచెంగా బయటపెట్టడం, అడగని వస్తువు కార్టులో వేయడం, ఈ రెండింటినీ కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరు 30న ఇచ్చిన మార్గదర్శకాల్లో మోసపు డిజైన్ల కింద చేర్చింది. అలాంటి 13 రకాల్ని అందులో పేరు పెట్టి చెప్పారు. అయినా టిక్కులు ఆగలేదు. స్క్రీన్‌షాట్ తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయవచ్చు.

ఇక నూనె. యాప్‌లో జనం ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఒక ప్యాకెట్ 142, పక్కది 136. చేయి 136 మీదికే పోతుంది. మొదటిది లీటరు, అంటే పొద్దుతిరుగుడు నూనె సుమారు 910 గ్రాములు. రెండోది 850 గ్రాములే. వంద గ్రాములకి లెక్కేస్తే మొదటిది 15.60, రెండోది 16 రూపాయలు. బొమ్మలో రెండూ ఒకే సైజులో కనిపిస్తాయి, బరువు మాత్రం బూడిద రంగు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ప్యాకెట్ మీద గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రిస్తారు కానీ అది ఎమ్మార్పీ లెక్క. యాప్ తగ్గించి అమ్మే ధరకి అది పనికిరాదు, కాలిక్యులేటర్ తీయాల్సిందే.

బియ్యాన్ని అసలు ఈ పోలికలోకి తేకండి. ప్యాక్ చేసి లేబులేసిన బియ్యం 25 కిలోల వరకూ 5 శాతం జీఎస్టీ కిందికి వస్తాయి. మన దగ్గర బస్తా 26 కిలోలు ఎందుకైందో తెలిసిందిగా. యాప్‌లో ఐదు కిలోలవీ, పది కిలోలవీ సంచులు కొంటూ పోతే ఆ పన్నూ, చిన్న ప్యాకింగు ఖర్చూ మీ నెత్తినే. స్టోన్‌హౌస్‌పేటలో బియ్యం నోట్లో వేసుకుని కొరికి చూసి, పాతవో కొత్తవో తేల్చుకుని బస్తా దింపించుకునే వీలుండగా ఫోన్లో బొమ్మ చూసి కొనడమెందుకు?

తాజాదనం విషయంలో మూడు యాప్‌లూ ఒకటి కావు. పది నిమిషాల వాళ్లది ఊళ్లోనే ఉన్న చిన్న స్టోరు. కూరగాయలు వచ్చిన పూట బాగుంటాయి, సాయంత్రానికి మిగిలినవి మీకొస్తాయి. అందుకని వాటిని పొద్దున్నే తెప్పించండి. ముందురోజు రాత్రి ఆర్డరు తీసుకునే వాళ్లు ఆర్డర్లు చూసుకుని సరుకు తెప్పించుకునే వీలుంది కాబట్టి నిలవ సమస్య తక్కువ. కాకపోతే జాబితాలో ఒకటి లేకపోతే ఇంకోటి పెట్టేస్తారు. "బదులు వద్దు" అన్న ఆప్షన్ ఉంటే నొక్కండి. పార్సెల్ యాప్ పప్పులకీ, సబ్బులకీ, అది కూడా నెలకోసారికి సరిపోతుంది.

ఆకుకూర మాత్రం దేంట్లోనూ తెప్పించవద్దనే నా సలహా. తోటకూర, గోంగూర ప్లాస్టిక్ కవర్లో చెమట పడతాయి. కవరు లోపల నీటి బొట్లుండి, కాడ కోసిన చోట గోధుమ రంగుకి తిరిగితే అది నిన్నటి సరుకే. రోహిణి కార్తెలో అయితే బండి మీద వచ్చే కాసేపటికే వడలిపోతుంది.

ప్యాకెట్ సరుకుకి తేదీ చూడండి. అమ్ముడుపోని నిలవని ఆఫర్లో వదిలించుకోవడం ఈ వ్యాపారంలో మామూలే. ఇంటికి చేరేటప్పటికి వాడకపు గడువులో కనీసం 30 శాతమో, లేదా 45 రోజులో మిగిలి ఉండాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 నవంబరులో ఆన్‌లైన్ అమ్మకందార్లకి చెప్పింది. మినప్పప్పుకి గడువు ఎంత మిగిలిందన్నదాని కన్నా ప్యాక్ చేసిన నెలే ముఖ్యం. పప్పు పాతదైతే ఎంత రుబ్బినా పిండి ఒదగదు, ఇడ్లీ రాయి అవుతుంది. ఫిర్యాదుకి గడువు కొన్ని యాప్‌ల్లో గంటల్లోనే ఉంటుంది కాబట్టి సంచి రాగానే విప్పి, పాడైనదాన్నీ దాని లేబుల్నీ ఒకే ఫోటోలో పడేలా తీయండి. ఫోటో లేకపోతే వాళ్లు వినరు.

మీ అబ్బాయి మాటకి వద్దాం. అతను చెప్పింది నిజం. గూగుల్లో కస్టమర్ కేర్ అని కొడితే వచ్చే నంబర్లలో మోసగాళ్లు పెట్టినవి కలిసి ఉంటాయి. మ్యాపుల్లో, సోషల్ మీడియా వ్యాఖ్యల్లో, ప్రకటనల్లో ఎవరైనా ఏ నంబరైనా పెట్టగలరు. కంపెనీ వాళ్లేమో ఫోన్ నంబరు ఎక్కడా కనపడకుండా దాచి, చాట్ డబ్బాతో మాట్లాడమంటారు. విసిగిన జనం వెతకబోయి దొంగ చేతిలో పడతారు. ఈ పాపంలో ఆ డిజైనర్లకీ వాటా ఉంది.

ఫోన్ చేశాక ఏం జరుగుతుందంటే, అవతలివాడు చాలా మర్యాదగా "సారీ మేడమ్, 86 రూపాయలు ఇప్పుడే వేసేస్తాం" అంటాడు. ఆ తర్వాత మూడు దారుల్లో ఏదో ఒకటి. స్క్రీన్ చూపించే యాప్ వేసుకోమంటాడు, అది వేస్తే మీ ఓటీపీలు వాడికీ కనిపిస్తాయి. లేదా వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే నొక్కితే ఫోన్లో యాప్‌గా ఎక్కే ఫైలు, పంపి రిఫండ్ ఫారం అంటాడు, అది ఎక్కితే మెసేజిలు వాడికే చేరతాయి. లేదా యూపీఐ తెరిపించి, రిఫండ్ కోడ్ అంటూ ఒక అంకె చెప్పి, అమౌంట్ గడిలో కొట్టించి పిన్ వేయిస్తాడు. 86 కోసం వెళ్లిన మనిషి ఖాతాలోంచి 48,620 పోయేది ఇలాగే. "కోడ్" అన్నది పంపే మొత్తమే.

యూపీఐ పిన్ డబ్బు పంపడానికీ, బ్యాలెన్స్ చూసుకోవడానికీ. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. అసలైన రిఫండ్ మీరు కట్టిన దారిలోనే వెనక్కి వస్తుంది, లేదా యాప్ వాలెట్లో పడుతుంది. అడిగితే ఖాతాకే వేయమనండి, వాలెట్లో పడితే మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలి. ఫిర్యాదు చేసే చోటు ఒక్కటే: యాప్‌లో ఆర్డర్స్, ఆ ఆర్డరు, హెల్ప్. ఎంత విసుగొచ్చినా అక్కడే. ఒకవేళ డబ్బు పోతే మొహమాటపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, లేదా cybercrime.gov.in లో నమోదు చేయండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపించాలి కాబట్టి ఆ మొదటి గంటే కీలకం.

చివరగా, ఉచిత డెలివరీ కోసం ఏ యాప్‌లోనైనా మెంబర్‌షిప్ తీసుకుని ఉంటే యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి చూడండి. మొదటి నెల నామమాత్రపు ధరకిచ్చి, తర్వాత పూర్తి ధర దానంతటదే కోసుకునేలా అనుమతి తీసుకుని ఉండొచ్చు. ఫోన్లోంచి కిరాణా యాప్ తీసేసినంత మాత్రాన ఆ అనుమతి రద్దు కాదు. ఆటోపేలోకి వెళ్లి దాన్ని విడిగా రద్దు చేయాలి.