రిట్రెంచ్‌మెంట్ ప్రశ్నకు మార్కులు ఎక్కడ పోతాయి

"బెంగళూరు పీణ్యాలో 60 మంది ఉన్న ఫ్యాక్టరీ, ఆర్డర్లు తగ్గి ఒకరిని తీసేశారు. ఛార్జిషీట్, ఎంక్వైరీ అంతా రాశాను, సగం మార్కులే. ఎందుకు?"

మీరు రాసింది డిస్మిసల్ ప్రొసీజర్. అది దుష్ప్రవర్తనకు శిక్ష. ఇక్కడ కార్మికుడి తప్పేం లేదు కాబట్టి ఇది రిట్రెంచ్‌మెంట్. పారిశ్రామిక సంబంధాల కోడ్ 2020, సెక్షన్ 70 రాయాలి; 2025 నవంబర్‌లో ఆ కోడ్ అమల్లోకి వచ్చేదాకా ఇది 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో సెక్షన్ 25ఎఫ్.

1. ఏడాది నిరంతర సర్వీసు ఉండాలి. గత 12 నెలల్లో 240 రోజులు పనిచేస్తే చాలు.
2. కారణాలతో నెల నోటీసు, లేదా బదులుగా నెల జీతం.
3. పరిహారం. అందరూ జారేది ఇక్కడే. తీసేసే సమయానికే చెల్లించాలి. "తర్వాత సెటిల్ చేస్తాం" అంటే తొలగింపే చెల్లదు. 1960 నాటి హాస్పిటల్ మజ్దూర్ సభ తీర్పు తప్పకుండా రాయండి. 7 ఏళ్ల 8 నెలల సర్వీసును 8 ఏళ్లుగా లెక్కించాలి. ఏడాదికి 15 రోజుల సగటు వేతనం చొప్పున ఇవ్వాలి కాబట్టి, అది రూ.10,000 అయితే రూ.80,000 రావాలి.
4. ప్రభుత్వానికి నోటీసు.

పాత చట్టంలో 25జిగా ఉన్న సెక్షన్ 71 కూడా కలపండి: ఆ కేటగిరీలో చివర చేరినవారినే ముందు తీసేయాలి. అలా చేయకపోతే కారణం రికార్డు చేయాలి.