ఫ్రిజ్ మీద చీటీల కథ రాస్తున్న మేనకోడలికి

విజయనగరం

అమ్మలూ,

నువ్వు పోటీకి కథ రాస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఏళ్ల తరబడి కాపురం చేసిన మొగుడూ పెళ్లాం ఒక వారమంతా మాట్లాడుకోకుండా ఫ్రిజ్ మీద చీటీలు పెట్టుకోవడమట. మన ఇంట్లోంచి ఒక కథ వస్తోందంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ పట్టుకుంది. నువ్వు ఏడో క్లాసులో ఉండగా మీ ఇంట్లో అలాంటి వారం ఒకటి గడిచింది కదా. "నాన్నని అన్నానికి రమ్మను" అని మీ అమ్మ నీచేతే కబురు పంపేది. అందుకని మొట్టమొదట ఒక మాట వినేయ్. గొడవకి కారణం పూర్తిగా మార్చెయ్. ఆ రోజుల్లో ఎవరు ఎప్పుడు లేచేవారో, ఎవరు ఎవరికంటే ముందు తినేవారో, అది మాత్రం గుర్తున్నది గుర్తున్నట్టు వాడుకో. కారణం వేరైతే మా తమ్ముడి పేరు ఎవరూ ఎత్తరు.

పోటీ నియమాలు చదువు, పేజీలు మించనియ్యకు, అచ్చుతప్పులు చూసుకో. ఇవి నీకు చెప్పక్కర్లేదు.

చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మా స్కూల్లో పనిచేసిన మాస్టారొకాయన ఇలాంటి కథే రాసి నాకు చదవమని ఇచ్చారు. ఫ్రిజ్ లేదు, వంటింటి గోడకి వేలాడే పలక. భార్య దాని మీద ఇలా రాస్తుంది: "పెళ్లినాడు మా నాన్న పెట్టిన నాలుగు కాసుల గొలుసు మీరు నాకు చెప్పకుండా మీ తమ్ముడి కోసం తాకట్టు పెట్టారు." చదవగానే కథ చచ్చిపోయింది. గొలుసు ఎవరు పెట్టారో ఆయనకి తెలియదా? తమ్ముడు ఎవరో తెలియదా? ఆ చీటీ మొగుడి కోసం రాసింది కాదు, మన కోసం రాసింది. ఒక పలక అలా అబద్ధమని తెలిశాక మిగతావేవీ నమ్మబుద్ధి కాలేదు. మాస్టారు ఆ తర్వాత పలకల్ని ఇంకా పెద్దవి చేశారు, కోపం సరిగ్గా తెలియాలని. అక్కడే మరింత పాడైంది. అంత బాగా కోపాన్ని రాయగలిగిన మనిషి నోరు తెరిచి అనెయ్యొచ్చు కదా, వారం రోజులు పలక ఎందుకు?

కాబట్టి నువ్వు రాసిన ప్రతి చీటీకీ ఒక పరీక్ష పెట్టు. కథ తీసేసి ఆ కాగితం ఒక్కటే ఎవరికైనా చూపిస్తే, అది మామూలు ఇంటి చీటీలాగే కనిపించాలి. "పాలు కాగాయి." "గ్యాస్ రేపు వస్తుంది. డబ్బులు టీవీ దగ్గర." ఇంతే. గొడవ సంగతి పాఠకుడికి వేరే దారిలో చేరాలి.

ఆ మాస్టారి గొలుసు కథనే తీసుకుని చూద్దాం, ఆయన ఎప్పుడో వద్దనుకుని వదిలేశారు. మన పైడితల్లి అమ్మవారి సిరిమాను పండక్కి ముందు వారం అనుకో. ఆవిడ పండక్కి గొలుసు తీద్దామని బీరువా తెరుస్తుంది. పెట్టె ఖాళీ, కింద బ్యాంకు రసీదు. అందులో "గొలుసు 1, బరువు 32 గ్రాములు", కింద ఆయన సంతకం. తన నాలుగు కాసులు అక్కడ గ్రాముల్లో కనిపిస్తాయి. ఆవిడ ఏమీ అనదు. ఆ రసీదు తీసుకెళ్లి ఫ్రిజ్ మీద పెట్టేస్తుంది. మొదటి చీటీ అదే, అందులో ఆవిడ రాసిన అక్షరం ఒక్కటీ లేదు. ఇక గొడవేమిటో నువ్వు వివరించే పనే లేదు.

మర్నాటి నుంచి చీటీలు. కాగితం ఎక్కడిదో ఆలోచించు. మన ఇళ్లల్లో రోజుకో కాగితం చింపే క్యాలెండర్ ఉంటుంది, ఆ కాగితం వెనక రాయించు. తేదీ, వారం దాని మీదే ఉంటాయి కాబట్టి "బుధవారం", "గురువారం" అని నువ్వు శీర్షికలు పెట్టనక్కర్లేదు. ఫ్రిజ్ కూడా పాత రేకు తలుపుది అయ్యుండాలి. ఇప్పటి అద్దం తలుపులకి మాగ్నెట్ సరిగ్గా పట్టదు.

మామూలుగా ఆవిడ ఆయన్ని "తినండి" అనే మనిషి. ఈ వారం "అన్నం హాట్‌ప్యాక్‌లో ఉంది" అని రాస్తుంది. అండీ లేదు, మీరూ లేదు, వస్తువు ఎక్కడుందో చెప్పి ఆపేస్తుంది. ఆయన కూడా "నువ్వు" రాయడు. శుక్రవారం నాటికి ఆవిడ చేత "బీపీ మాత్ర అలాగే ఉంది" అని రాయించు. ఆవిడ మాత్రల అట్ట రోజూ చూస్తోందన్నమాట. దాని కింద నువ్వు ప్రేమ గురించి ఒక్క వాక్యం కూడా రాయకు. రాస్తావని నాకు తెలుసు, ఆగలేవు. రాసినా కొట్టెయ్.

చీటీ చదువుతున్నప్పుడు రాసిన మనిషి ఎక్కడున్నారో కూడా తేల్చుకో. మన ఊరి గురజాడ వారి "దిద్దుబాటు" 1910లో వచ్చింది, అదీ పుట్టింటికి పోతున్నానని భార్య రాసి పెట్టిన ఉత్తరం కథే. మొగుడు ఆ ఉత్తరం చదివి కంగారు పడిపోతుంటే కమలిని మంచం కింద ఉండి అంతా వింటోంది. ఆమె నిజంగా పుట్టింటికి వెళ్లిపోయి ఉంటే ఆ కథే లేదు. నీ కథలో కూడా ఆవిడ పెరట్లో బట్టలారేస్తూ, ఫ్రిజ్ ముందు ఆయన అడుగులు ఆగడం వినాలి. ఎంతసేపు ఆగాడో ఆవిడకి తెలియాలి. శ్రీకాకుళంలో కథకుడు కారా మాస్టారు పెట్టిన కథల లైబ్రరీ, కథానిలయం ఉంది, సెలవుకి వస్తే తీసుకెళ్తాను. ఉత్తరాలతో నడిచిన పాత కథలు వెతుకుదాం.

ఇక ముగింపు. ఎవరికో గుండెపోటు తెప్పించి, ఆస్పత్రిలో చేతులు పట్టించి కలిపేస్తావేమోనని నా భయం. మీ మావయ్య పోయాక అలాంటి ముగింపు చదవలేకపోతున్నాను. మాట్లాడుకోని రోజులు మాకూ ఉండేవి. అవి ఏ జబ్బూ రాకుండానే, ఎవరూ క్షమాపణ అడక్కుండానే, కూరగాయల సంచీ దగ్గర తెగిపోయేవి. అందుకే నిన్ను ఇంతగా పోరుతున్నాను, తిట్టినట్టుంటే పట్టించుకోకు.

నేనైతే ఇలా చేస్తాను. సోమవారం తోలేళ్లు, సిరిమానుకి ముందురోజు. సాయంత్రానికి చుట్టాలు దిగుతారు కాబట్టి ఫ్రిజ్ తలుపు ఖాళీ చెయ్యాలి. చీటీలన్నీ ఆయన తీసి, గ్యాస్ రసీదుల సొరుగులో పెడతాడు, పారెయ్యడు. మంగళవారం సిరిమాను చూడ్డానికి బయల్దేరుతుంటే ఆడపడుచు అడుగుతుంది, "వదినా, గొలుసేదీ?" అని. "లాకర్లో ఉందమ్మా" అంటుంది ఆవిడ. ఆయన చెప్పులేసుకుంటూ వింటాడు. వారం మొత్తానికి కథలో వినపడే ముఖ్యమైన మాట అదొక్కటే, అదీ అబద్ధం, అదీ ఆయన పరువు కోసం. ఆ రాత్రి ఆవిడ పెరుగు గిన్నె తీయబోతే మూత మీద ఒక చీటీ ఉంటుంది. చుట్టాల కంట పడకుండా ఈసారి ఫ్రిజ్ లోపల పెట్టాడు. "శుక్రవారం బ్యాంకుకి వెళ్తాను. నువ్వూ రా." అక్కడితో ఆపెయ్. గొలుసు ఇంకా విడిపించలేదు, విడిపించే డబ్బు ఉందో లేదో కూడా చెప్పకు.

ఇది నీకు నచ్చకపోతే వేరేది రాసుకో, కానీ కథ అయ్యాక మీ అమ్మకి చూపించకుండా పోటీకి పంపకు. నేను ఫోన్ చేసి ముందుగా చెప్తాననుకోకు, నువ్వే పక్కన కూర్చుని చదివి వినిపించు.

నీ
అత్త