రెండు సిమ్‌ల ఫోన్‌లో యూపీఐ యాప్ సిమ్ వెరిఫికేషన్ దగ్గర ఆగిపోతోంది, ఎందుకు?

"బ్యాంకులో ఇచ్చిన నంబర్ రెండో సిమ్‌లో ఉంది. యాప్‌లో ఆ సిమ్మే ఎంచుకున్నా ప్రతిసారీ వెరిఫికేషన్ ఫెయిల్ అంటోంది. ఏం చేయాలి?"

ఈ దశలో మీకు ఓటీపీ రాదు, మీ ఫోనే బ్యాంకు వైపుకు ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. అది ఏ నంబర్ నుంచి వచ్చిందో చూసి ఖాతాతో సరిపోలుస్తారు. కాబట్టి ముందు మెసేజెస్ యాప్ తెరిచి, అర్థంకాని అక్షరాలతో వెళ్లిన ఆ మెసేజ్‌ను చూడండి.

దాని పక్కన సిమ్ 1 అని ఉంటే, తప్పు నంబర్ నుంచి వెళ్లినట్టే. సెట్టింగ్స్‌లో ఎస్సెమ్మెస్‌కు సిమ్ 2ను డిఫాల్ట్‌గా పెట్టండి. అయినా కుదరకపోతే రిజిస్ట్రేషన్ అయ్యేదాకా సిమ్ 1ను ఆఫ్ చేయండి, తర్వాత ఆన్ చేసుకోవచ్చు.

సిమ్ 2 నుంచే వెళ్లబోయి "నాట్ సెంట్" అని ఆగిందా? అయితే రీఛార్జ్ చూసుకోవాలి. కేవలం ఇన్‌కమింగ్ కోసం ఉంచుకున్న సిమ్‌లో చాలాసార్లు ఎస్సెమ్మెస్ ప్యాక్ ఉండదు, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ఇంట్లోవాళ్లకు ఆ సిమ్ నుంచి ఒక మామూలు మెసేజ్ పంపితే తేలిపోతుంది. సిమ్ కొత్తగా మార్పించుకుంటే మాత్రం 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, ఆగాల్సిందే.

ఇలాంటి కోడ్ మెసేజ్ ఎవరైనా పంపి, "మీ ఫోన్ నుంచి ఫలానా నంబర్‌కు పంపండి" అంటే దయచేసి పంపకండి. మీ ఖాతాను వాళ్ల ఫోన్‌కు ముడిపెట్టుకునే మోసం అది.