డిమాండ్ ప్లానర్ ఇంటర్వ్యూ: ‘కచ్చితత్వం ఎలా కొలుస్తారు?’ అని అడిగితే

ప్రశ్న: నేను గోదాములో నిల్వల లెక్కలు చూస్తాను. ఎక్సెల్ బాగానే వచ్చు. డిమాండ్ ప్లానర్ ఉద్యోగానికి టెక్నికల్ ఇంటర్వ్యూకు పిలిచారు. ఎలాంటి ప్రశ్నలు అడుగుతారు? ఫార్ములాలు బట్టీ పడితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఫార్ములా ఎవరైనా చెప్పగలరు. అది ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో మీకు తెలుసా అన్నదే వాళ్లు పరీక్షిస్తారు. అందుకని మోడళ్ల పేర్లన్నీ పైపైన చదివే బదులు, ‘ఫోర్‌కాస్ట్ కచ్చితత్వాన్ని ఎలా కొలుస్తారు?’ అన్న ఒక్క ప్రశ్నను లోతుగా సిద్ధం చేసుకోండి. తర్వాత వచ్చే ప్రశ్నలు చాలావరకు దీని నుంచే పుడతాయి.

ఎక్కువమంది ‘మేప్’ అని చెప్పి ఆగిపోతారు. ప్రతి వస్తువుకూ అంచనాకు, అసలు అమ్మకానికి మధ్య తేడాను అసలు అమ్మకంతో భాగించి, ఆ శాతాలన్నింటి సగటు తీస్తే వచ్చేదే మేప్. నిర్వచనం సరైనదే. అయితే ఇంటర్వ్యూ చేసేవారు అప్పుడు ఇలాంటి చిన్న లెక్క ముందు పెడతారు. మొదటి వస్తువు 1000 అమ్ముడైంది, అంచనా 900. రెండోది 200 అమ్ముడైంది, అంచనా 250. మూడోది 10 మాత్రమే అమ్ముడైంది, అంచనా 30. తప్పులు వరుసగా 10, 25, 200 శాతం. సగటు 78 శాతం దాటుతుంది. ‘మరి ఈ ప్లానర్ పని అంత అధ్వానంగా ఉందా?’ అని అడుగుతారు.

లేదు. ఆ 78ని పైకి లాగింది మూడో వస్తువు, అదీ కేవలం 20 యూనిట్ల తేడాతో. ఇక్కడ వెయిటెడ్ మేప్ తీయాలి. అంటే తేడాలన్నీ కలిపి మొత్తం అమ్మకంతో భాగించాలి. 100, 50, 20 కలిపితే 170. మొత్తం అమ్మకం 1210. తప్పు 14 శాతం. అసలు అమ్మకాలు B కాలమ్‌లో, అంచనాలు C కాలమ్‌లో ఉంటే ఎక్సెల్‌లో ఇలా వస్తుంది:

```
=SUMPRODUCT(ABS(C2:C4-B2:B4))/SUM(B2:B4)
```

ఇక్కడితో ఆగకుండా దీని లోపం కూడా మీరే చెప్పండి. యూనిట్లను బట్టి బరువు వేస్తే ఖరీదైనదైనా తక్కువ సంఖ్యలో అమ్ముడయ్యే వస్తువు లెక్కలో కనిపించకుండా పోతుంది. అలాంటి చోట యూనిట్ల బదులు విలువతో బరువు వేయాలి. ఏదైనా నెలలో అసలు అమ్మకం సున్నా అయితే మేప్ లెక్కే రాదు, సున్నాతో భాగించలేం కదా. విడిభాగాల వంటి వాటిలో ఇది తరచూ ఎదురవుతుంది. ఒక కొలమానాన్ని పొగిడే అభ్యర్థి కన్నా దాని హద్దులు చెప్పగల అభ్యర్థికే నేను మార్కులు వేస్తాను.

తర్వాతి ప్రశ్న బయాస్ మీద, అంటే అంచనాలు ఒకే దిక్కుకు తప్పుతున్నాయా అన్నదాని మీద ఉంటుంది. పై లెక్కలో మొత్తం అంచనా 1180, మొత్తం అమ్మకం 1210. రెండున్నర శాతం తక్కువ అంచనా వేశామంతే. వినడానికి బాగుంది. కానీ మొదటి వస్తువుకు తక్కువ, మిగతా రెండింటికి ఎక్కువ వేశాం. అవి ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి. ఒకదానికి కొరత, మిగతా వాటికి మిగులు. కాబట్టి బయాస్‌ను వస్తువు స్థాయిలో, వరుసగా కొన్ని నెలల మీద చూస్తానని చెప్పండి. ఉదాహరణకు ఒక వస్తువు అంచనా ఆరు నెలలపాటు అమ్మకం కన్నా 20, 15, 25, 10, 20, 30 యూనిట్లు ఎక్కువగా ఉంది. ప్లస్, మైనస్ గుర్తులతో కలిపితే మొత్తం 120. గుర్తులు వదిలేసి తీసిన సగటు తేడా 20. ఆ మొత్తాన్ని ఈ సగటుతో భాగిస్తే 6. దీన్నే ట్రాకింగ్ సిగ్నల్ అంటారు. ఎటువైపైనా 4 దాటితే తప్పు ఒకే దిక్కుకు పోతోందని చాలాచోట్ల హెచ్చరికగా తీసుకుంటారు. అప్పుడు మోడల్ సెట్టింగుల జోలికి వెళ్లే ముందు, ఆ అంచనాను సేల్స్ బృందం చేత్తో పెంచుతోందేమో చూడాలి. సిస్టమ్ ఇచ్చిన సంఖ్యను, మనుషులు మార్చిన సంఖ్యను విడివిడిగా భద్రపరిస్తేనే ఇది తెలుస్తుంది.

‘ఏ రోజు అంచనాతో పోల్చారు?’ అన్న ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. సరకు రావడానికి రెండు నెలలు పడితే, మార్చి అమ్మకాలను జనవరి మొదట్లో ఖరారైన అంచనాతో పోల్చాలి. ఫిబ్రవరి చివర్లో సవరించిన అంచనా ఎంత దగ్గరగా వచ్చినా, అప్పటికే ఆర్డరు వెళ్లిపోయింది. అంచనా ఖరారైన నాటికి, అమ్మకం జరిగే నెలకు మధ్య ఉన్న ఈ ఎడాన్నే లాగ్ అంటారు. శాతం చెప్పేటప్పుడు లాగ్ కూడా చెప్పండి. ఎదుటివారు అడగకముందే చెబితే మరీ మంచిది.

ఇక మీ గోదాము అనుభవం నిజంగా పనికొచ్చే ప్రశ్న: ‘పోయిన నెల 600 అమ్ముడయ్యాయి. కానీ సరకు 20 రోజులకే అయిపోయింది. అసలు డిమాండ్ ఎంత?’ రోజుకు 30 చొప్పున 30 రోజులకు 900 అనడం తొలి మెట్టు. 600నే చరిత్రగా మోడల్‌కు ఇస్తే వచ్చే అంచనా తగ్గుతుంది, దాంతో సరకు తక్కువ తెస్తారు, మళ్లీ కొరత వస్తుంది. ఇంతవరకు చాలామంది చెబుతారు. మీరు మరో అడుగు వేసి, ‘ముందు ఆర్డర్ల జాబితా చూస్తాను’ అనండి. ఆ 600లో 300 ఒకే కొనుగోలుదారు ఒక్కసారి తీసుకెళ్లినవైతే, మామూలు అమ్మకం 20 రోజుల్లో 300, అంటే రోజుకు 15. నెలకు 450. 900కు, 450కు ఎంత దూరమో చూడండి! ఆ పెద్ద ఆర్డరు మళ్లీ వస్తుందో లేదో సేల్స్ వారిని అడిగి, దాన్ని విడిగా నమోదు చేయాలి. సరకు లేని ఆ పది రోజుల్లో దానికి ప్రత్యామ్నాయంగా కొనే వస్తువు అమ్మకం పెరిగిందేమో కూడా చూడాలి. పెరిగి ఉంటే దాని చరిత్రను ఆ మేరకు తగ్గించాలి. లేకపోతే ఒకే డిమాండ్‌ను రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది.

మోడళ్ల గురించి అడిగితే క్లుప్తంగా చెప్పండి. ఒడిదుడుకులు తక్కువైతే సాధారణ ఎక్స్‌పొనెన్షియల్ స్మూతింగ్. ట్రెండు, సీజను ఉంటే హోల్ట్-వింటర్స్. సున్నాలు ఎక్కువైతే 1972లో వచ్చిన క్రోస్టన్ పద్ధతి. ఏది ఎంచుకున్నా ‘నిరుడు ఇదే నెల అమ్మకాన్ని యథాతథంగా అంచనా అనుకుంటే వచ్చే తప్పు కన్నా నా మోడల్ తప్పు తక్కువగా ఉందా?’ అని చూస్తానని చేర్చండి. లేదంటే ఆ మోడల్ వల్ల లాభం లేదు.

సాధనకు ఒక వస్తువుకు సంబంధించి మూడేళ్ల నెలవారీ అమ్మకాలు తీసుకోండి. మీ సంస్థవైతే పేర్లు, సంఖ్యలు మార్చేయండి. చివరి ఆరు నెలలు దాచి, మిగిలిన వాటితో ఎక్సెల్‌లోని `FORECAST.ETS` ద్వారా అంచనా వేయండి. ఆ ఆరు నెలలకు నిరుటి అంకెలతోనూ మరో అంచనా వేసి, రెండింటి వెయిటెడ్ మేప్ పోల్చండి. నిరుటి అంకెలే గెలిచాయా? ఎందుకు గెలిచాయో వెతకండి. మధ్యలో సరకు లేని రోజులు చరిత్రను చెడగొట్టి ఉండవచ్చు, ఏదో ఒక పెద్ద ఆర్డరు సీజనులా కనిపించి ఉండవచ్చు. ఆ కారణాన్ని తేదీలతో సహా రాసి పెట్టుకోండి. ‘మీరు చేసిన ఒక ఫోర్‌కాస్ట్ గురించి చెప్పండి’ అన్నప్పుడు చెప్పాల్సింది అదే.